ఇన్‌హేలర్ వాడినా పరుగు ఆగిపోతోందా? ఒకసారి గొంతు చూపించుకోండి

పోలీసు ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నవారికి మంగళగిరిలో ప్రత్యేకంగా ఏమీ చెప్పక్కర్లేదు. ఆరో బెటాలియన్ ఉన్న ఊరు. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. ఖాకీ చొక్కా రోజూ కళ్ల ముందు కనపడుతూనే ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికల్లా బూట్లు వేసుకుని మైదానానికి వెళ్లేవాళ్లకు ఒక అంకె బాగా తెలుసు. 1600 మీటర్లు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలైతే 8 నిమిషాల్లో, అమ్మాయిలైతే పదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు.

ఆ నాలుగు రౌండ్లలో మూడోదాని దగ్గర ఆగిపోతున్న ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఆమె ఒక్క మనిషి కాదు. ఈ సమస్య ఉన్నవాళ్లు సాధారణంగా చెప్పే మాటలన్నీ కలిపి అల్లిన ఉదాహరణ. కానీ చదువుతుంటే మీ రూమ్మేటో, మీరో గుర్తొస్తే మాత్రం చివరిదాకా చదవండి.

డిగ్రీ చివరి ఏడాది. మొదటి రెండు రౌండ్లు హాయిగా పరిగెత్తుతుంది. మూడో రౌండ్ సగంలో, వేగం పెంచగానే, గొంతును ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు అవుతుంది. గాలి లోపలికి లాగుతుంటే కీచుమని శబ్దం. పక్కన పరిగెత్తేవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. భయపడి ఆగిపోతుంది. ఐదు నిమిషాలు కూర్చుంటే ఏమీ జరగనట్టే మామూలైపోతుంది. మర్నాడు మళ్లీ అదే మూడో రౌండ్, అదే శబ్దం.

ఊపిరి ఆడటం లేదు, శబ్దం వస్తోంది అనగానే అందరికీ తట్టేది ఒక్కటే. ఆస్తమా. డాక్టరు ఇన్‌హేలర్ రాశారు. పరుగుకు పావుగంట ముందు రెండు పఫ్‌లు తీసుకుంది. తేడా లేదు. ఇంకో ఇన్‌హేలర్ కలిపారు. అయినా లేదు. ఒకసారి బాగా ఎక్కువైతే నెబ్యులైజర్ పెట్టి, కొన్ని రోజులు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. శిక్షణ ఇచ్చే సారు మాత్రం, "నీకు జబ్బేం లేదమ్మా, భయం. టెన్షన్ తగ్గించుకో" అన్నాడు. ఇంట్లో అమ్మ, "ఉబ్బసం పెట్టుకుని పోలీసు ఉద్యోగం ఎందుకే తల్లీ, బ్యాంకు పరీక్షలు రాసుకోరాదూ" అంది.

ఒకరు ఊపిరితిత్తుల జబ్బన్నారు. ఇంకొకరు మనసులో భయమన్నారు. ఈ రెండింటికీ మధ్యలో ఒక చోటు ఉంది. గొంతు. దాన్ని ఎవరూ చూడలేదు. నా వాదన కూడా అంతే. ఇన్‌హేలర్ సరిగ్గా వాడినా పనిచేయనప్పుడు, మందు పెంచే ముందు, కల మార్చుకునే ముందు, గొంతులోకి ఒకసారి చూడాలి.

తలుపు తప్పు సమయంలో మూసుకుంటే

గొంతులో ముందుకు పొడుచుకొచ్చినట్టు కనపడే భాగంలో స్వరపేటిక ఉంటుంది. దాని లోపల రెండు స్వర తంత్రులు. వాటిని రెండు రెక్కల తలుపు అనుకోండి. గాలి పీల్చేటప్పుడు ఆ రెక్కలు బాగా తెరుచుకుంటాయి. మాట్లాడేటప్పుడు దగ్గరకొచ్చి కంపిస్తాయి. మింగేటప్పుడు గట్టిగా మూసుకుని, అన్నం మెతుకు శ్వాసనాళంలోకి పోకుండా కాపలా కాస్తాయి. ఇదంతా మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది.

కొందరిలో ఈ తలుపు పొరపాటు చేస్తుంది. తెరుచుకోవలసిన సమయంలో, అంటే గాలి పీల్చేటప్పుడు, రెక్కలు దగ్గరకొచ్చేస్తాయి. వెనక వైపు చిన్న సందు మాత్రం మిగులుతుంది. అంత సన్నని దారిలోంచి గాలి దూసుకెళ్తుంటే వచ్చేదే ఆ కీచు శబ్దం. ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. వాటి దాకా వెళ్లే గుమ్మమే ఇరుకవుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఊపిరి అందడం లేదనిపిస్తే మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా లాగుతాం. కొబ్బరి బొండంలో మెత్తబడిన కాగితం స్ట్రా పెట్టి గట్టిగా పీల్చి చూడండి. స్ట్రా గోడలు లోపలికి అతుక్కుపోతాయి. నీళ్లు రావు. గొంతులోనూ దాదాపు అలాగే. లాగే కొద్దీ దారి ఇంకా బిగుస్తుంది. భయం పెరుగుతుంది. భయంతో మెడ, దవడ కండరాలు బిగుస్తాయి. అంటే భయం నిజమే. కానీ చాలామందిలో అది ముందు ఊపిరి ఆగాక వచ్చిన భయం. "భయం వల్లే ఊపిరి ఆగింది" అనేవాళ్లు కథను తలకిందులుగా చదువుతున్నారు.

దీనికి డాక్టర్లు వాడే పేరు వోకల్ కార్డ్ డిస్‌ఫంక్షన్, పొట్టిగా వీసీడీ. కొత్త రిపోర్టుల్లో ఇండ్యూసిబుల్ లారింజియల్ అబ్‌స్ట్రక్షన్ అని కూడా కనపడొచ్చు. ఏదో ఒకటి రెచ్చగొట్టినప్పుడు మాత్రమే స్వరపేటిక దగ్గర దారి ఇరుకవడం అని దానర్థం. రెచ్చగొట్టేది పరుగు కావచ్చు, పానకాల స్వామి కొండ మెట్లు వేగంగా ఎక్కడం కావచ్చు. కొందరికి ఘాటు వాసనలు. గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి వెళ్లినా, ఇంట్లో ఎండుమిర్చి పోపు వేసినా గొంతు పట్టేస్తుంది. అగరుబత్తి పొగ, సెంటు, వరి గడ్డి తగలబెట్టిన పొగ కూడా అలాంటివే. కడుపులో ఆమ్లం గొంతు దాకా ఎగదన్నడం, ముక్కు వెనక నుంచి చీమిడి గొంతులోకి కారడం కూడా స్వరపేటికను చిరాకు పెట్టి, చిన్నదానికే ఉలిక్కిపడేలా చేస్తాయి. మానసిక ఒత్తిడి కూడా ఈ జాబితాలో ఉంది. కానీ అది జాబితాలో ఒకటి మాత్రమే.

వైద్యులు కూడా దీన్ని చాలాకాలం మనసు జబ్బుగానే చూశారు. 1983లో అమెరికాలోని డెన్వర్ నగర వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదుగురు రోగుల గురించి రాశారు. అందరికీ అదుపులోకి రాని ఆస్తమా అన్న ముద్ర ఉంది. శబ్దం వస్తున్న సమయంలోనే గొంతులోకి చూస్తే, స్వర తంత్రులు దగ్గరకొచ్చి కనిపించాయి. స్పీచ్ థెరపీ, మానసిక చికిత్స ఇచ్చాక వాళ్లు బాగా కోలుకున్నారు. ఆ వ్యాసం తర్వాతే, ఆస్తమాలా నటించే ఈ గొంతు సమస్య ఊపిరితిత్తుల వైద్యుల దృష్టిలో గట్టిగా పడింది. నటించేది జబ్బు. రోగి కాదు.

మిమ్మల్ని మీరు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఆస్తమాకూ దీనికీ తేడా తెలుసుకోవడానికి ముందు మీ అనుభవాన్నే జాగ్రత్తగా గమనించాలి.

మొదటిది, శబ్దం ఎప్పుడు వస్తోంది? ఆస్తమాలో ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు బిగుస్తాయి. గాలి బయటకు వదలడం కష్టమవుతుంది. అందుకే పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వినిపిస్తాయి. వీసీడీలో శబ్దం ప్రధానంగా గాలి పీల్చేటప్పుడు వస్తుంది.

రెండోది, బిగుతు ఎక్కడ? "ఎక్కడ పట్టేసినట్టుంది, చూపించు" అంటే ఆస్తమా ఉన్నవాళ్లు సాధారణంగా చెయ్యి ఛాతీ మీద పెడతారు. వీసీడీ ఉన్నవాళ్ల చెయ్యి తెలియకుండానే గొంతు మీదికి వెళ్తుంది. కొందరికి ఆ సమయంలో గొంతు బొంగురు పోతుంది, మాట తెగుతుంది.

మూడోది, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోంది? పరుగు అనుభవమున్నవాళ్లకు ఇది చాలా పనికొచ్చే ప్రశ్న. వ్యాయామంతో వచ్చే ఆస్తమా సాధారణంగా పరుగు ఆపాక ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో బాగా పెరుగుతుంది. తగ్గడానికి అరగంటో గంటో పట్టొచ్చు. వీసీడీ పరుగు మధ్యలోనే, వేగం గరిష్ఠానికి చేరినప్పుడు పట్టుకుంటుంది. ఆపితే చాలామందిలో కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది. మన అమ్మాయికి మూడో రౌండ్‌లో వచ్చి, ఐదు నిమిషాల్లో పోవడం అందుకే పెద్ద ఆధారం. ఇంకో మాట. తెల్లవారుజామున ఆయాసం, దగ్గుతో నిద్ర లేవడం ఆస్తమాలో మామూలు. వీసీడీ నిద్రలోంచి లేపడం అరుదు.

నాలుగోది, ఇన్‌హేలర్ పనిచేస్తోందా? ఇక్కడ నిజాయతీగా ఉండాలి. పఫ్ కొట్టగానే గాలి పీల్చకపోయినా, పీల్చాక కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టకపోయినా మందు లోపలికి చేరదు. అప్పుడు ఇన్‌హేలర్ పనిచేయలేదని చెప్పలేం. డాక్టరు ముందే ఒకసారి వాడి చూపించండి. వాడే పద్ధతి సరిగ్గా ఉండీ ఏమాత్రం తేడా లేకపోతే, అప్పుడు గొంతు మీద అనుమానం పెరగాలి.

ఈ నాలుగూ అనుమానం దాకానే తీసుకెళ్తాయి. తీర్పు ఇవ్వవు. ఎందుకంటే ఆస్తమా, వీసీడీ రెండూ కలిసి ఉన్నవాళ్లూ తక్కువేం కాదు. కాబట్టి ఈ వ్యాసం చదివి ఇన్‌హేలర్ పక్కన పడేయొద్దు. ఆపాలో వద్దో డాక్టరు చెప్పాలి.

ఊదే పరీక్ష ఏం చెబుతుంది

ముందుగా చేయించేది స్పైరోమెట్రీ. గొట్టంలోకి గట్టిగా ఊది, ఆ వెంటనే గట్టిగా పీల్చే పరీక్ష. కంప్యూటర్ ఒక చుట్టు లాంటి గీత గీస్తుంది. పై సగం ఊపిరి వదిలినప్పటిది, కింది సగం పీల్చినప్పటిది. ఆస్తమా ఉంటే పై సగం లోపలికి కుంగినట్టు ఉండొచ్చు, మందు ఇచ్చాక మళ్లీ ఊదిస్తే మెరుగుపడుతుంది. వీసీడీ సమయంలో చేస్తే పై సగం బాగానే ఉండి, గుండ్రంగా ఉండాల్సిన కింది సగం నేల మీద పరిచినట్టు చదునుగా వస్తుంది.

ఇందులో జరిగే పొరపాటు ఏమిటంటే, చాలాచోట్ల ఊదడం మీదే శ్రద్ధ పెడతారు. పీల్చే భాగాన్ని సరిగ్గా చేయించరు. మీరు పరీక్షకు వెళ్తే, "పీల్చే భాగం కూడా కావాలండీ, పీల్చేటప్పుడే నాకు ఇబ్బంది" అని చెప్పండి. అయితే మీరు సరిగ్గా బలం పెట్టి పీల్చకపోయినా కింది సగం చదునవుతుంది. అలాగే ఇబ్బంది లేని సమయంలో చేస్తే అంతా మామూలుగా రావొచ్చు. అంటే ఈ గీత ఒక సూచన. అసలు సాక్ష్యం కళ్లతో చూడడమే.

గొంతులోకి చూసే పరీక్ష

దాని పేరు లారింగోస్కోపీ. చెవి, ముక్కు, గొంతు వైద్యులు చేస్తారు. బతికున్న మనిషి స్వర తంత్రులు ఎలా కదులుతాయో అద్దంతో చూసి ప్రపంచానికి చెప్పింది మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు. 1854లో చిన్న అద్దం, సూర్యకాంతి సాయంతో తన గొంతును తానే చూసుకున్నాడు. పాట నేర్పేవాడి కుతూహలం డాక్టర్లకు పనిముట్టయింది. ఇప్పుడు అద్దం బదులు కెమెరా ఉన్న సన్నని మెత్తని గొట్టం వాడుతున్నారు.

పరీక్ష అంటే భయపడక్కర్లేదు. మత్తు ఇచ్చి పడుకోబెట్టరు. కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కులో మొద్దుబారే మందు స్ప్రే చేస్తారు. నాలుగైదు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని గొట్టాన్ని ముక్కులోంచి గొంతు వెనక వరకు పోనిస్తారు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కాస్త అసౌకర్యంగా ఉంటుంది. నొప్పి పెద్దగా ఉండదు. "ఈ" అనమంటారు, మాట్లాడమంటారు, ముక్కుతో వాసన చూసినట్టు పీల్చమంటారు, వేగంగా ఊపిరి తీయమంటారు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మొద్దుబారిన గొంతులో నీళ్లు పొలమారకుండా, తిమ్మిరి పోయేదాకా ఏమీ తాగొద్దంటారు.

ఇక అసలు సమస్య. మీరు ఆసుపత్రిలో ఓ గంట వరుసలో కూర్చుని, చల్లగా విశ్రాంతిగా లోపలికి వెళ్లారనుకోండి. అప్పుడు గొంతు మామూలుగానే కనిపిస్తుంది. "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది. తిరిగి వచ్చేస్తారు. ఇబ్బంది లేనప్పుడు మామూలుగా ఉండడమే ఈ సమస్య స్వభావం. కాబట్టి మామూలు రిపోర్టు వచ్చినంత మాత్రాన వీసీడీ లేదని కాదు. ఇబ్బంది రప్పించి చూడాలి. డాక్టరు పర్యవేక్షణలో ట్రెడ్‌మిల్ మీదో, మెట్ల మీదో పరిగెత్తించి, శబ్దం మొదలవగానే కెమెరా పెట్టడం ఒక పద్ధతి. కానీ మీరు కుర్చీలో కూర్చునే లోపే అది తగ్గిపోవచ్చు. అందుకే నార్వేలోని బెర్గెన్ వైద్యులు కెమెరా గొట్టాన్ని తలకు బిగించి, పరిగెత్తుతుండగానే గొంతును వీడియో తీసే పద్ధతిని అభివృద్ధి చేశారు. అది అన్నిచోట్లా ఉండదు. కానీ ముందు పరిగెత్తించి, వెంటనే చూడడం మామూలు ఈఎన్‌టీ విభాగంలో కూడా అసాధ్యమేమీ కాదు.

మంగళగిరి ఎయిమ్స్‌లో ఈఎన్‌టీ, ఊపిరితిత్తుల విభాగాలు రెండూ ఉన్నాయి. గుంటూరు, విజయవాడ పెద్ద ఆసుపత్రులూ దగ్గరే. ఎక్కడికి వెళ్లినా ముందే రెండు ప్రశ్నలు అడగండి. "పరిగెత్తించిన వెంటనే లారింగోస్కోపీ చేయడం కుదురుతుందా?" "ఇక్కడ స్పీచ్ థెరపిస్ట్ ఉన్నారా?" ఈ రెండూ అడగకుండా వెళ్తే ఒక రోజు సెలవు, బస్సు చార్జీలు వృథా అయ్యే అవకాశం ఎక్కువ.

ఊపిరికి స్పీచ్ థెరపీ ఏంటి?

మాట తడబడేవాళ్లకు కదా స్పీచ్ థెరపీ, నాకెందుకు అనిపిస్తుంది. స్వర తంత్రులను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నేర్పడమే వాళ్ల విద్య. ఇక్కడ చేసేదీ అదే.

మొదటి రోజు పని చాలామటుకు చూపించడమే. మీ సొంత గొంతు వీడియో మీకే చూపిస్తారు. ఇదిగో ఇక్కడ మూసుకుంటోంది, ఇదిగో వాసన చూసినట్టు పీల్చగానే తెరుచుకుంది అని. ఇది చిన్న విషయం కాదు. ఊపిరి ఆగి చచ్చిపోతానేమో అన్న భయానికి అసలు కారణం, లోపల ఏం జరుగుతోందో తెలియకపోవడం. తెలిశాక సగం బిగుతు అక్కడే వదులుతుంది.

తర్వాత నేర్పే ప్రధాన ఉపాయం ముక్కుతో చిన్నగా వాసన చూసినట్టు పీల్చడం. మల్లెపూలు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు ఎలా పీలుస్తామో అలా. అలా పీల్చేటప్పుడు స్వర తంత్రులు సహజంగానే విడిపోతాయి. నోరు తెరిచి గట్టిగా లాగితే దీనికి వ్యతిరేకం. పీల్చాక, పెదవులు సున్నాలా చుట్టి, వేడి టీ ఊదినట్టు "ఫూ" అంటూ నెమ్మదిగా వదలాలి. లేదా "స్‌స్‌స్" అని సన్నగా వదలాలి. పీల్చేది చిన్నగా, వదిలేది పొడవుగా ఉండాలి. ఇబ్బంది మొదలయ్యాక అయితే రెండు చిన్న పీల్పులు వెంటవెంటనే, ఆపై ఒక పొడవైన "ఫూ". భుజాలు కిందికి వదిలేయాలి. దవడ వేలాడనివ్వాలి. నాలుక పైకి నొక్కిపెట్టకుండా కింది పళ్ల వెనక విశ్రాంతిగా ఉంచాలి. ఊపిరి తీస్తే ఛాతీ పైకి లేవడం కాదు, పొట్ట ముందుకు రావాలి.

చదివితే ఇంతేనా అనిపిస్తుంది. కానీ చాలామంది తప్పు చేసేది ఇక్కడే. శబ్దం వచ్చినప్పుడు మాత్రమే ప్రయత్నిస్తారు. ఆ కంగారులో కొత్త పని ఏదీ గుర్తుకు రాదు. ఏ ఇబ్బందీ లేనప్పుడు రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలు చేసి అలవాటుగా మార్చుకోవాలి. తర్వాత నడుస్తూ, తర్వాత నెమ్మదిగా పరిగెత్తుతూ, చివరికి వేగంలో చేయాలి. చాలామందికి కొన్ని వారాల్లో, కొద్ది సెషన్లలోనే మార్పు కనపడుతుంది.

మన అమ్మాయి విషయానికి వద్దాం. పరిగెత్తించి చూస్తే తంత్రులు మూసుకోవడం కెమెరాలో దొరికింది. ఆస్తమా పరీక్షలు మామూలుగా వచ్చాయి కాబట్టి డాక్టరే ఇన్‌హేలర్లను ఒక్కొక్కటిగా ఆపించారు. రాత్రి పదింటికి బిర్యానీ తిని వెంటనే పడుకోవడం మాన్పించారు, ఎందుకంటే గొంతులో ఆమ్లం ఎగదన్నిన ఎరుపు కూడా కనిపించింది. మొదటి వారం కూర్చుని సాధన. రెండో వారం నడకలో. మూడో వారం ఒక రౌండ్ నెమ్మది పరుగు, ప్రతి అడుగుల లెక్కకు ఊపిరి కలుపుతూ. రెండు అడుగులకు పీల్చడం, మూడు అడుగులకు వదలడం. నాలుగో వారం మూడు రౌండ్లు. అక్కడ మళ్లీ గొంతు బిగియడం మొదలైంది. ఈసారి ఆగలేదు. వేగం కాస్త తగ్గించి, రెండు పీల్పులు, ఒక "ఫూ", ఇలా వంద మీటర్లు లాగింది. వదిలింది. పదిన్నర నిమిషాల్లో ముగించాలంటే ఒక్కో రౌండ్‌కు 2 నిమిషాల 37 సెకన్లు. మూడో రౌండ్‌లో పోగొట్టుకున్న పది సెకన్లను తిరిగి ఎక్కడ సంపాదించాలన్నదే ఇప్పుడామె సమస్య. అది పరుగు సమస్య, జబ్బు సమస్య కాదు. దాన్ని శిక్షణ సారు తీర్చగలడు.

స్పీచ్ థెరపిస్ట్‌ను వెతికేటప్పుడు డిగ్రీ చూడండి. బీఏఎస్‌ఎల్‌పీ లేదా ఎంఏఎస్‌ఎల్‌పీ చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన వాళ్లయి ఉండాలి. ఫోన్‌లోనే, "వోకల్ కార్డ్ డిస్‌ఫంక్షన్‌కు ఊపిరి వ్యాయామాలు నేర్పుతారా?" అని అడగండి. అందరికీ ఈ పనిలో అనుభవం ఉండదు.

దీనికీ హద్దులున్నాయి

స్పీచ్ థెరపీ అందరికీ మంత్రంలా పనిచేస్తుందని చెప్పడం అబద్ధం. కొందరిలో పరిగెత్తేటప్పుడు స్వర తంత్రులు కాక, వాటి పైన ఉండే కణజాలం లోపలికి పడిపోతుంది. వాళ్లకు వ్యాయామాలతో పూర్తి ఫలితం రాకపోవచ్చు. చాలా తక్కువమందికి శస్త్రచికిత్స ఆలోచిస్తారు. ఆస్తమా కూడా ఉంటే దాని మందు దానికి వాడాల్సిందే. ఆందోళన ఎక్కువగా ఉంటే మానసిక వైద్యుల సాయం తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

ఇంకొక హెచ్చరిక. పీల్చేటప్పుడు శబ్దం వచ్చిన ప్రతిసారీ వీసీడీ అనుకోవద్దు. పెదవులు నీలంగా మారినా, ముఖం లేదా నాలుక వాచినా, ఒంటి మీద దద్దుర్లతో పాటు ఊపిరి ఆడకపోయినా, విశ్రాంతి తీసుకున్నా శబ్దం తగ్గకపోయినా, ఆక్సీమీటర్‌లో అంకె పడిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. అలెర్జీ వాపు కావచ్చు, గొంతులో ఏదైనా ఇరుక్కోవడం కావచ్చు. వారాల తరబడి గొంతు బొంగురుగా ఉన్నా డాక్టరుకు చూపించాలి.

ఫోన్ తీయండి

శిక్షణ ఇచ్చే సార్లకు ఒక మాట. పిల్లలు ఆగిపోతే "భయం" అనే ముందు, ఆ శబ్దం పీల్చేటప్పుడా వదిలేటప్పుడా అని ఒక్కసారి వినండి. మీ ఒక్క మాట డాక్టరుకు సగం రోగ నిర్ధారణ. ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట. "ఉబ్బసం పిల్ల" అన్న ముద్ర వేయడం తేలిక. దాన్ని చెరిపేయడం కష్టం. ఇన్‌హేలర్ పనిచేయనప్పుడు మందు మోతాదు పెంచడం కంటే నిర్ధారణను మళ్లీ పరీక్షించమని అడగడం మీ హక్కు. అవసరం లేని స్టెరాయిడ్ మాత్రలు పదేపదే మింగితే బరువు, నిద్ర, చక్కెర, ఎముకలు అన్నీ దెబ్బతింటాయి. ఇరవై ఏళ్ల వయసులో అది చిన్న నష్టం కాదు.

ఇక మీకు. రేపు ఉదయం మైదానానికి వెళ్లేటప్పుడు స్నేహితురాలికో, స్నేహితుడికో ఫోన్ ఇచ్చి ఉంచండి. ఇబ్బంది మొదలైతే ముందు మీరు ఆగండి. వాళ్లు మీ ముఖం, మెడ కనపడేలా, శబ్దం వినపడేలా ముప్పై సెకన్లు వీడియో తీయాలి. పరుగు మొదలుపెట్టిన సమయం, ఇబ్బంది వచ్చిన సమయం, తగ్గిన సమయం మూడూ కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రి కుర్చీలో మీ గొంతు మంచి పిల్లలా కూర్చుంటుంది. మూడో రౌండ్‌లో అది ఏం చేస్తుందో ఆ వీడియోలోనే డాక్టరుకు కనపడుతుంది.